ఒక్కొక్కరికి ఒక్కో కాగితం

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన మరుసటి ఏడు నేను మొదటిసారి కర్నూలు చూశాను. చూశాను అనడం కూడా ఎక్కువే. స్టేషను నుంచి కళ్ల డాక్టరు ఇంటికి, డాక్టరు ఇంటి నుంచి స్టేషనుకు జట్కాలో పోయి వచ్చాం, అంతే. మా అన్న బండివాడి పక్కన కూర్చున్నాడు. నా ఒళ్లో మా అన్న చిన్నకూతురు తల వాల్చి నిద్రపోయింది. తొమ్మిదేళ్ల పిల్ల. వేంపల్లె నుంచి కడపకు బస్సు, కడపలో రైలు, గుంతకల్లులో ఇంకో రైలు, డోన్‌లో మరో రైలు. పెద్దవాళ్లకే ఒళ్లు హూనమవుతుంది, దానికి కాదా?

అప్పటికి నేను వేంపల్లె ఆడపిల్లల బడిలో పంతులమ్మను. పెళ్లయిన కొన్నాళ్లకే భర్త క్షయతో పోయాడు. ట్రైనింగు చదివి ఉద్యోగం తెచ్చుకుని మా అన్న ఇంట్లో ఉండేదాన్ని. చిన్నపిల్ల నా దగ్గరే చదివేది. పగటిపూట పలక మీద చీమ పాకినా దానికి కనిపించేది. పొద్దు వాలిందా, గడప తన్నుకుని పడేది. అన్నం తట్టలో కాలు పెట్టేది. రేచీకటి అన్నారు అందరూ. అవిశాకు వండిపెట్టాం. మేక కార్జం కాల్చి తినిపించాం. కడపలో ఒక డాక్టరు రాసిచ్చిన చేపనూనె ఏడాది తాగించాం. పిల్ల ముక్కు మూసుకుని అన్నీ మింగింది గానీ చూపులో తేడా రాలేదు.

కర్నూలు డాక్టరు మద్రాసులో చదివినాయన. పెద్దవయసు. చీకటిగదిలో పిల్లను కూర్చోబెట్టి, చిన్న దీపం ఉన్న పరికరం కంటికి దగ్గరగా పెట్టి, చాలాసేపు లోపలికి చూశాడు. బయటికి వచ్చి చేతులు కడుక్కుని మా అన్నను అడిగాడు.

"పిల్ల తల్లీ మీరూ దగ్గరి బంధువులా?"

"మా అక్క కూతురినే చేసుకుంటి సార్" అన్నాడు మా అన్న.

డాక్టరు తల ఊపాడు. "ఇది తిండి లోపంతో వచ్చే రేచీకటి కాదు. కంటి వెనక పొర మీద నల్లటి మచ్చలు పడుతున్నాయి. నెమ్మదిగా పగటిచూపు కూడా పక్కల నుంచి తగ్గుతూ వస్తుంది. దీనికి మందు లేదు. ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి."

మా అన్న తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇది రక్తంలో వచ్చేది" అని డాక్టరు నా వైపు తిరిగి చెప్పాడు. "తండ్రి వైపు నుంచి ఒక పాలు, తల్లి వైపు నుంచి ఒక పాలు వచ్చి కలిస్తేనే బయటపడుతుంది. ఒక పాలే ఉన్న మనిషికి చూపు బాగానే ఉంటుంది. తనలో ఉందని తెలియకుండానే పిల్లలకు ఇవ్వగలరు. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?"

"ఎవరికీ లేదు సార్" అన్నాడు మా అన్న.

నాకు మా పెద్దనాయన గుర్తుకొచ్చాడు. మా నాయనకు అన్న. పిల్లలు లేరు, పెద్దమ్మ పోయింది, మా ఇంట్లోనే ఉంటాడు. చూపు ఆనదు. వయసు మీద పడింది, కంట్లో పువ్వు వేసింది అనుకునేవాళ్లం. చెప్పాను.

"మీ ఇంట్లో పెళ్లి కావలసిన వాళ్లున్నారా?"

మా అన్న నా వైపు చూశాడు. పెద్దమ్మాయికి పదహారేళ్లు, దాని చూపు బాగుంది. వచ్చే వైశాఖంలో దాన్ని మా అక్క కొడుక్కే ఇవ్వాలని మాట అయిపోయింది. అంటే దానికి స్వయానా మేనమామ. ఆ మాట విని డాక్టరు కాగితం ఒకటి తీసుకుని గీతలు గీశాడు.

"నోటి మాట మీద నేనేమీ చెప్పలేను. మీ పెద్దల గురించి ఎవరు ఏం రాసిపెట్టినా, చెప్పినా అంతా పోగుచేయండి. ఒక్కొక్క మనిషికి ఒక్కో కాగితం. ప్రతి కాగితానికీ ఒక నంబరు. తండ్రి నంబరు, తల్లి నంబరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు, ఎవరిని చేసుకున్నారు, పిల్లలెవరు, చూపు ఎలా ఉండేది. ఒక్కో విషయం పక్కన అది ఎలా తెలిసిందో రాయాలి. కంటితో చూసినవాళ్లు చెప్పారా, ఇంకొకరు చెప్పగా విన్నారా, కాగితంలో ఉందా. తెలియనిది తెలియదని రాయండి. ఊహించి నింపవద్దు."

తిరుగు ప్రయాణంలో డోన్ స్టేషనులో బండి కోసం చాలాసేపు కాచుకున్నాం. మా అన్న బెంచీ మీద కూర్చుని ఆ గీతల కాగితాన్నే చూస్తున్నాడు.

"ఇవన్నీ రాస్తే పాపకు చూపొస్తాదా?" అన్నాడు.

"రాదు."

"మరెందుకు?"

నేను పెద్దపిల్ల పేరు చెప్పాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మా పెద్దనాయన దగ్గర గుడ్డమూట ఒకటి ఉండేది. పెద్దల అమావాస్యకు ఎవరి పేరు మీద ఏం పెట్టాలన్నా, పెళ్లిలో ఎవరికి ముందు బట్టలు పెట్టాలన్నా బంధువులంతా ఆయన్ని అడిగేవాళ్లు. అందుకని వయసులో ఉన్నప్పుడు చెవినపడినవన్నీ రాసుకున్నాడు. పాత పంచాంగాల అంచుల్లో, పెళ్లిపత్రికల వెనక, పొగాకు చుట్టిన కాగితాల మీద. కొన్నేళ్లుగా రాయడం మానేశాడు. చదవడమూ మానేశాడు. మూట విప్పి నేను చదువుతుంటే అరుగు మీద గోడకు ఆనుకుని వినేవాడు.

బడి వదిలాక రోజూ అదే పని. పరీక్షల కాగితాలు సగానికి చింపి కట్టగా కుట్టుకోకుండా విడిగా పెట్టుకున్నాను, మధ్యలో ఎవరైనా కొత్తవాళ్లు వస్తే దూర్చడానికి వీలుగా. మొదట సులభమే అనిపించింది. నేను, మా అన్న, మా అక్క, నాయన, అమ్మ. అంతవరకే.

ఆపైన అంతా చిక్కే. మనవడికి తాత పేరు, మనవరాలికి అవ్వ పేరు. ఒకే పేరు గలవాళ్లు మూడు తరాల్లోనూ ఉన్నారు. పెద్దనాయన రాతలో ఆ పేరు వచ్చినప్పుడల్లా ఎవరో తేల్చుకోవాలి. ఆడవాళ్లకైతే చాలామందికి పేర్లే లేవు. పలానా ఊరి కోడలు, పలానావాని రెండో భార్య, అంతే. పుట్టిన రోజుల కోసం నా బడి రిజిస్టరు తీస్తే నాకే నవ్వొచ్చింది. పిల్లల్ని చేర్చుకునే రోజున మేమే ఏదో తేదీ వేస్తాం. అందరూ ఎండాకాలం సెలవుల తర్వాతే పుట్టినట్టుంటుంది. ఆ తేదీలు రాసి, పక్కన "బడి రిజిస్టరు, నమ్మదగినది కాదు" అని రాశాను. మునసబు దగ్గర జనన మరణాల లెక్క మేలనిపించింది. అదైనా కొంతకాలానిదే, పాతవి చెదలు తిన్నాయి.

రాత ఒక్కటే చూస్తే అర్థమయ్యేది కాదు, పెద్దనాయనను అడగాల్సిందే. "దీంట్లో 'ఆనంద, ఆడశిశువు' అని ఉండాది. ఎవరు పెద్దనాయనా?" అంటే, "మా మేనత్త" అనేవాడు. "మీ నాయనకూ ఆమెకూ ఎన్నేండ్ల తేడా?" అంటే, "ఏమో బిడ్డా, నేను పుట్టేతలికే ఆమె ముసిల్ది" అనేవాడు.

నేను ఆనంద సంవత్సరానికి ఇంగ్లీషు లెక్క కట్టి పంతొమ్మిదివందల పద్నాలుగు అని వేశాను. అలసిపోయి ఉన్నాను, రాసి పక్కన పెట్టేశాను. కొన్ని రోజుల తర్వాత అవ్వ కాగితం రాయబోయాను. అవ్వ అంటే మా నాయనకూ పెద్దనాయనకూ తల్లి. పంచాంగం అంచులో ఆమెది "ధాత" అని ఉంది. పద్దెనిమిదివందల డెబ్బై ఆరు నాటి ధాత కరువు ఎవరికి తెలియదు, ఆ కరువులో పుట్టి బతికిన పిల్ల అని ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాళ్లు. ఆమె తల్లి ఎవరని వెతికితే, పెళ్లిపత్రిక వెనక ఒక మాట కనిపించింది. తల్లి పేరు ఆ మేనత్తదే.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాను. కూతురు ధాత కరువులో పుట్టింది, తల్లి నేను కట్టిన లెక్క ప్రకారం ఆ తర్వాత దాదాపు నలభై ఏళ్లకు పుట్టింది. తల్లి కూతురికంటే చిన్నది కాదు గదా. అరవయ్యేళ్లకు ఒకసారి అదే పేరుతో ఏడు తిరిగి వస్తుందని పిల్లలకు చెప్పేదాన్ని నేనే. ఒక చుట్టు వెనక్కి వేస్తే పద్దెనిమిదివందల యాభైనాలుగు అయింది. అప్పుడు తల్లీ కూతుళ్ల వయసులు సరిపోయాయి.

వెంటనే ఇంకో సంగతి తట్టింది. నా దగ్గర "తాత అక్క కూతురు" అని ఒక కాగితం వేరే ఉంది. అది ఎవరో తెలియక భర్త, పిల్లలు అన్న చోట ఖాళీగా వదిలేశాను. ఆ తాత అక్క అంటే ఈ మేనత్తే. ఆమె కూతురు అంటే మా అవ్వే. ఇద్దరు మనుషులని రెండు కాగితాలు రాసింది ఒక్క మనిషి గురించి.

"పెద్దనాయనా, తాత తన అక్క కూతురినే చేసుకున్యాడా?"

"అవును మరి. ఎవురిని చేసుకుంటాడు? ఆ దినాల్లో అదే గదా" అన్నాడాయన, ఇది కూడా అడగాలా అన్నట్టు.

'తాత అక్క కూతురు' కాగితం మీద అడ్డంగా గీత కొట్టి, అవ్వ కాగితం నంబరు రాశాను. తాతకూ అవ్వకూ పైన ఉన్న దంపతులు ఒక్కరే. తాతకు తల్లిదండ్రులు, అవ్వకు అవ్వా తాతలు. మా అన్న ఇంట్లో జరిగింది అంతకు ముందే ఒకసారి జరిగింది.

మా వదిన కాగితం మాత్రం తెలిసి తెలిసి రాయవలసి వచ్చింది. ఆమె మా అక్క కూతురు. నా చేతుల్లో పెరిగిన పిల్ల. మూటలో ఆమె రెండు చోట్ల ఉంది. ఒకచోట "పెద్దబిడ్డ కూతురు", ఇంకోచోట "కోడలు". నేను ఒక్క కాగితంలోనే తల్లి అన్నచోట మా అక్క నంబరు, భర్త అన్నచోట మా అన్న నంబరు వేస్తుంటే, వంటింట్లో నుంచి వచ్చి నా వెనక నిలబడింది.

"నా కాగితమేనా అది?"

"ఊ."

"నా బిడ్డ కండ్లు నేనే తీస్తి అని రాస్తాండావా చిన్నమ్మా?"

ఆమె నన్ను చిన్నమ్మా అనడం మానేసి చాలా ఏళ్లయింది. పెళ్లయ్యాక వదినా అని పిలిచేది. చిన్నమ్మ అన్న పాత మాట కోపంలో నోటికొచ్చింది. నేను కలం కింద పెట్టాను.

"నీ వల్ల ఒక పాలు, మా అన్న వల్ల ఒక పాలు. నీకు మా అక్క నుంచి వచ్చింది. మా అక్కకూ అన్నకూ మా నాయన నుంచి వచ్చుండాల. నాలో కూడా ఉందేమో, నాకు పిల్లలు లేరు కాబట్టి తెలియలేదు. ఇందులో ఎవరు చేసిందీ లేదు."

ఆమె వినిందో లేదో. పొయ్యి దగ్గరికి పోయింది. ఆ రాత్రి భోజనం వడ్డించేటప్పుడు నా వైపు చూడలేదు.

పెద్దనాయన కాగితంలో చూపు అన్న వరుస దగ్గర చిక్కు వచ్చింది.

"ముసలితనం అని రాయి" అన్నాడు.

"ఎప్పట్నించి తగ్గింది?"

"ముసలితనం వచ్చినప్పట్నించి." ముఖం అటు తిప్పుకున్నాడు. నేను ఆయన చెప్పినట్టే రాసి, పక్కన "తానే చెప్పినది" అని వేశాను.

ఆయనకు ఒక చెల్లెలు ఉండేది. డోన్ దగ్గర పల్లెకు ఇచ్చారు. పింగళ సంవత్సరంలో, పద్దెనిమిదేళ్లకే బావిలో పడి పోయింది. అత్త పెట్టే బాధ పడలేక దూకిందని మా ఇంట్లో అందరం చెప్పుకునేవాళ్లం. అప్పటి నుంచి ఆ ఊరితో రాకపోకలు లేవు, ఆ ఊరివాళ్ల నీళ్లు కూడా తాగం. ఆమె కాగితంలో పోయిన ఏడు రాసి, ఎలా తెలిసింది అన్నచోట ఆగాను.

"అత్త సాధించిందని ఎవరు చెప్పిరి పెద్దనాయనా?"

"అందరూ."

"చూసినవాళ్లు?"

ఆయన చుట్ట కోసం తడుముకున్నాడు. "అందరూ" అని రాయడానికి నాకు చేయి రాలేదు.

దసరా సెలవుల్లో డోన్‌కు పోతానంటే మా అన్న ససేమిరా అన్నాడు. "వాళ్ల గడప తొక్కుతావా? నాయన బతికుంటే ఏమంటాడు?" అన్నాడు. "నాయన బతికుంటే ఆయన్నే అడుగుదును" అని నేను సంచీ సర్దుకున్నాను. కోపంతో కాదు. అప్పటికి నాకు ఎవరితోనైనా కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు.

డోన్ నుంచి జొన్నబస్తాలు వేసుకుపోతున్న ఎద్దులబండి ఎక్కాను. నాపరాళ్లు పరిచిన ఇల్లు. చనిపోయినామె ఆడబిడ్డ ఇంకా బతికే ఉంది, వితంతువై పుట్టింటికి వచ్చేసింది. నేనెవరో చెబితే మొదట లోపలికి రమ్మనలేదు. వాకిట్లో నిలబెట్టి, "నలభై ఏండ్లకు యాడ దావ తప్పి వచ్చినావమ్మా?" అంది.

పిల్ల సంగతి చెప్పాను. సందె పడితే చూడలేదని చెప్పగానే ఆమె ముఖం మారింది. చాప పరిచింది.

"మా వదినకూ అట్లనే ఉండె" అంది. "పగలు సూదికి దారం ఎక్కిస్తాండె. పొద్దుగూకితే గోడ పట్టుకోని నడుస్తాండె. మాకు సెప్పకుండా దాచిపెట్టి పెండ్లి సేసిరి మీవోళ్లు. మా అమ్మకు తెలిసినాక కొన్నాళ్లు కోపం సేసింది, నిజమే. ఆ తరవాత సందెకు నీళ్లకు పంపేది మానేసింది."

"మరి ఆ రోజు?"

"ఆ పొద్దు ఇంట్లో సుట్టాలు వచ్చిండ్రి. పొద్దుగూకేతలికి నీళ్లు సాల్లేదు. ఎవురూ పొమ్మనలేదు, ఆమెనే కడవ తీసుకోని పాయ. నేను ఎనకే పోతాంటి. అప్పుడు నాకు పన్నెండేండ్లో పదమూడో. బావి గట్టు ఒక పక్క వానకు కూలిండె. 'ఉండు వదినా, నేను వస్తాండా' అంటి. ఆమె నవ్వి, 'నాకు తెలుసులే దావ' అనె. గట్టు లేనికాడ కాలు పెట్టె." ఆమె కొంగుతో నోరు తుడుచుకుంది. "మీవోళ్లు వచ్చి మా అమ్మ మీదికి కొట్లాటకు వచ్చిరి. దూకించినావంటిరి. మా అమ్మ సచ్చేదాకా ఆ మాటే తలుసుకుంటాండె."

నేను కాగితం తీసి రాసుకున్నాను. చూపు, రాత్రి కనిపించేది కాదు. పోయినది, పొద్దు గూకిన తర్వాత, గట్టు కూలిన బావి. ఎలా తెలిసింది, ఆడబిడ్డ కంటితో చూసి చెప్పినది. ఆమెకు చదువు రాదు, చదివి వినిపించమంది. వినిపించాను.

"మా అమ్మ తొయ్యలేదని గూడా రాయి" అంది.

కాగితంలో దానికి వరుస లేదు. వెనకవైపు తిప్పి, ఆమె చెప్పిన మాట చెప్పినట్టే రాశాను. ఆమె నాకు మజ్జిగ ఇచ్చింది. తాగాను.

ఇంటికి వచ్చిన సాయంత్రం పెద్దనాయనకు ఆ కాగితం చదివాను. మా అన్న కూడా అరుగు మీదే ఉన్నాడు. చదవడం అయిపోయాక పెద్దనాయన చెయ్యి గాలిలోకి చాచి నా భుజం వెతుక్కున్నాడు.

"నాది మార్చి రాయి బిడ్డా."

"ఏమని?"

"చిన్నప్పట్నించి అని రాయి. నాకూ దానికీ ఇద్దరికీ. మా అమ్మ దీపాలు పెట్టకముందే మా ఇద్దరికీ అన్నం పెట్టి పండబెడ్తాండె. దానికి సంబంధం కుదిరినప్పుడు మా నాయన చెప్పినాడు, ఈ మాట గడప దాటితే తోలు తీస్తానని. అది పోయిన దినం నాకు తెలుసు, దూకి ఉండదని. అందరూ ఆ ముసిల్దాన్ని తిడ్తాంటే నేనూ తిడ్తి. నా సంగతి బయటపడ్తాదని. పొద్దుగూకినాక యాడికీ పోకుండా బతికితి. మీ పెద్దమ్మకు ఒక్కదానికే తెలుసు."

మా అన్న లేచి లోపలికి పోయాడు. నేను "ముసలితనం" అన్నది కొట్టేసి, "చిన్నతనం నుంచి" అని రాశాను. కొట్టేసిన మాట కనిపించేలాగే ఉంచాను. తరువాత మా నాయన కాగితం తీశాను. ఆయన చూపు బాగుండేది, అది మేమందరం చూసిందే.

ఆ తర్వాత కర్నూలుకు పోయినప్పుడు పెద్దనాయనను కూడా తీసుకుపోయాం. అంత దూరం రైళ్లు మారలేనని మొదట అన్నాడు గానీ, చివరికి చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని తానే బండి ఎక్కాడు. పిల్ల పగలు ఆయనకు దారి చూపించింది. డోన్‌లో బండి ఆలస్యమై పొద్దు గూకితే ఇద్దరూ నా చేతులు చెరొకటి పట్టుకున్నారు. నాకు కాళ్లు పీకుతున్నాయి. ప్లాట్‌ఫారం మీద ఒకవైపు ఆయనను, ఒకవైపు దాన్ని ఈడ్చుకుంటూ నడిచాను.

డాక్టరు పెద్దనాయన కళ్లలోకి చూసి, "ఇద్దరికీ సరిగ్గా అవే మచ్చలు" అన్నాడు. కాగితాలన్నీ బల్ల మీద పరిచి, నంబర్లు చూసుకుంటూ పెద్ద కాగితం మీద చెట్టు గీశాడు. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్న, చూపు పోయినవాళ్లకు నల్లరంగు. బంధువులను చేసుకున్నచోట జంటగీత. బావిలో పడినామె సున్నను పూర్తిగా నింపలేదు. సగమే నింపాడు.

"ఆమె కళ్లు ఏ డాక్టరూ చూడలేదు కదా. మీరు రాసిన ఆధారం మంచిదే. కానీ అంతవరకే" అన్నాడు. "జంటగీత ఎక్కడ ఉందో దాని కిందే నలుపు ఉంది, చూశారా? పైన ఉన్న ఆ ముసలి దంపతుల్లో ఎవరో ఒకరి నుంచి వచ్చి ఉండాలి. ఎవరో చెప్పలేం."

"పెద్దపాప పెండ్లి సంగతి సార్?" అన్నాడు మా అన్న.

"అబ్బాయిలో ఉండవచ్చు, ఉండకపోవచ్చు. అమ్మాయిలో ఉండడానికే ఎక్కువ అవకాశం. ఇద్దరిలో ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ భయమే. బయటి సంబంధం చేస్తే ఆ భయం దాదాపు పోతుంది. నిర్ణయం నాది కాదు."

మా అక్కకు ఈ సంగతి చెప్పే పని నా మీద పడింది. ఆమె ఊరు దగ్గరే. కాగితాలు ముందు పెట్టి ఒక్కొక్కటే వివరించబోయాను. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"చదువుకున్యావు, రాస్తివి. నా కొడుక్కు ఏం తక్కువ? వాని కండ్లు బాగుండాయి. నీ కాగితంలో వాని మీద ఏం రాసినావు?"

"చూపు బాగుంది అని. నేను చూసినాను అని."

"అయితే ఇంకేం?"

"వదినకూ బాగుంది గదా అక్కా. అన్నకూ బాగుంది."

మా అక్క ఏడవలేదు, అరవలేదు. "నా తమ్మునికి నా బిడ్డనిస్తి. వాడు నా కొడుక్కు తన బిడ్డను ఇయ్యనంటాడు. అదే నాకు అర్థమయ్యేది" అంది. నా చేతికి కాగితాలు ఇచ్చేసింది.

పెద్దపిల్లను అడిగిందెవరూ లేరు. ఒకరోజు అదే నా దగ్గరికి వచ్చి తన కాగితం చూపించమంది. భర్త అన్నచోట ఖాళీ చూసి, "మామ అంటే నాకు ఇష్టమే" అంది. కాగితం నా చేతికిచ్చి, "సందె పడితే చెల్లెల్ని వాకిట్లోకి తీసుకుపోయేది నేనే గదా. వద్దని నాయనకు చెప్పు చిన్నత్తా" అంది. దాని గొంతు మామూలుగానే ఉంది. నేను పక్కకు తిరిగి మూట సర్దుకున్నాను.

వైశాఖంలో పెళ్లి జరగలేదు. మా అక్క రెండేళ్లు మా గడప తొక్కలేదు. ఆమె కొడుక్కు వేరే ఊరి సంబంధం చేశారు. పెద్దపిల్లను జమ్మలమడుగు వైపు, ఏ చుట్టరికమూ లేని ఇంట్లో ఇచ్చాం. ఆ ఇంటివాళ్లకు చిన్నపిల్ల సంగతి ముందే చెప్పాడు మా అన్న. మూడు సంబంధాలు ఆ మాటతోనే వెనక్కి పోయాయి, నాలుగోవాళ్లు సరేనన్నారు.

డోన్ దగ్గర ఆడబిడ్డకు పెద్దనాయన కబురు పంపాడు, తప్పయిపోయిందని. జవాబు రాలేదు. పెళ్లి ఆగిన ఆ ఎండాకాలం గడవకముందే ఆయన పోయాడు. పోయిన తేదీ రాసి, పక్కన "నేను దగ్గర ఉన్నాను" అని వేశాను.

చిన్నపిల్ల చూపు డాక్టరు చెప్పినట్టే తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠాలు నోటితో చెబుతాను. పక్కన కూర్చుంటే నేను దానికి కనిపించను.

కాగితాల సంగతి బంధువుల్లో పాకింది. పైకి తిడతారు. సంబంధం మాట్లాడుకునేముందు ఎవరో ఒకరు మధ్యాహ్నం పూట పెరటివైపు నుంచి వస్తారు. "ఊరికే, చూసి చెప్పు పాపా" అంటారు. నేను నంబర్లు వెతికి, ఎవరు ఎవరికి ఏమవుతారో చూసి, తెలిసింది చెబుతాను. చాలాసార్లు తెలియదనే చెబుతాను. విని, తల ఊపి, కొందరు మానుకుంటారు. కొందరు ముహూర్తం పెట్టుకున్నామని పత్రిక పంపుతారు. నేను పత్రిక చదివి, ఇద్దరి కాగితాలూ తీసి, ఆ అమ్మాయి నంబరు అబ్బాయి కాగితంలోనూ అబ్బాయి నంబరు అమ్మాయి కాగితంలోనూ రాసి, పక్కన "పెళ్లిపత్రిక" అని వేసి, దీపం తగ్గించి పడుకుంటాను.